మాటకు తగిన బొమ్మ : కాగితంపై చిత్రకూర్పు

పాత వార్తాచిత్రాల నుంచి కొత్త చరిత్రచిత్రాన్ని కూర్చేవారు కత్తెర పట్టక ముందు కలం పడతారు. వ్యాఖ్యానం రాసి ఉంటుంది. భాండాగారంలోని డబ్బాల్లో వేల అడుగుల ఫిల్మ్ ఉంటుంది. వ్యాఖ్యానంలోని ఏ వాక్యం వినిపించేటప్పుడు ఏ డబ్బాలోని ఏ ముక్క తెరపై కనిపించాలో, ఎన్ని క్షణాలు కనిపించాలో ముందుగా కాగితంపై నిర్ణయించే పనిని చలనచిత్ర పరిభాషలో పేపర్ ఎడిట్ అంటారు. అది పూర్తయ్యాకనే ఎడిటర్ బల్ల దగ్గర కూర్చుంటాడు. చరిత్ర విద్యార్థి దృష్టిలో ఈ కాగితానికి మరొక విలువ ఉంది. రచయిత చెప్పిన మాటకు కెమెరా ఇచ్చే సాక్ష్యం ఎంతవరకు నిలుస్తుందో తేలేది మొదట ఇక్కడనే.

ఇతరులు తీసిన చిత్రాలను ఏరి తన కథనం చెప్పే పద్ధతికి తొలి గొప్ప ఉదాహరణ సోవియట్ రష్యాలో కనిపిస్తుంది. ఎస్ఫిర్ షుబ్ 1927లో ‘రొమానోవ్ వంశపతనం’ అనే చిత్రాన్ని రూపొందించింది. అందుకోసం ఆమె దాదాపు 60,000 మీటర్ల పాత ఫిల్మ్‌ను పరిశీలించింది. జార్ చక్రవర్తి కుటుంబం తమ వినోదం కోసం తీయించుకున్న దృశ్యాలు కూడా అందులో ఉన్నాయి. వాటినే తీసుకుని, వేరే వరుసలో పెట్టి, వేరే అర్థం పలికించింది. ముక్క మారలేదు, దాని పక్కన నిలిచిన ముక్క మారింది, మీద రాసిన మాట మారింది. సంకలన చిత్రానికి ఉన్న శక్తి, ప్రమాదం రెండూ ఆ మొదటి ప్రయత్నంలోనే బయటపడ్డాయి.

మన దేశంలో ఈ మార్గాన నడిచిన తొలివారిలో తమిళ పాత్రికేయుడు ఏ.కె. చెట్టియార్ ముఖ్యుడు. గాంధీజీ జీవితంపై చిత్రం తీయాలని సంకల్పించి, ఆయన 1937 నుంచి అనేక దేశాలు తిరిగి, ఎందరో ఛాయాగ్రాహకులు వేర్వేరు కాలాల్లో తీసిన ముక్కలను సేకరించాడు. దాదాపు 50,000 అడుగుల నుంచి 12,000 అడుగుల చిత్రం తేల్చి, 1940లో తమిళ వ్యాఖ్యానంతో విడుదల చేశాడు. తెలుగు వ్యాఖ్యానంతో కూడా ఆ చిత్రం వెలువడింది. తరువాత 1968లో విఠల్‌భాయ్ ఝవేరీ గాంధీ స్మారక నిధి పక్షాన, ఫిల్మ్స్ డివిజన్ సహకారంతో, 33 రీళ్ల ‘మహాత్మ’ను పూర్తిచేశాడు. ఐదు గంటలకు మించిన ఆ చిత్రంలో అధికభాగం పాత ముక్కల కూర్పే. అటువంటి చిత్రంలో ఒక్క నిమిషం ఎలా తయారవుతుందో చూస్తే పేపర్ ఎడిట్ స్వరూపం బోధపడుతుంది.

పట్టిక, కొలత

పేపర్ ఎడిట్‌కు ముందు రెండు పనులు జరగాలి. మొదటిది ముక్కల జాబితా. సేకరించిన ప్రతి ముక్కకూ ఒక సంఖ్య వేసి, అది ఏ డబ్బాలో ఉన్నది, ఎన్నో అడుగు దగ్గర మొదలై ఎన్నో అడుగు దగ్గర ముగుస్తున్నది, అందులో ఏమి కనిపిస్తున్నది రాయాలి. మనుషులు ఎడమ నుంచి కుడికి నడుస్తున్నారా, కుడి నుంచి ఎడమకా అన్నది కూడా గుర్తించాలి. ఎవరు తీశారు, ఎప్పుడు తీశారు, ఆ తేదీకి ఆధారమేమిటి అన్న గడులు ఉండాలి. ఈ చివరి గడి ఖాళీగా ఉన్న జాబితా, తేదీ లేని దస్తావేజు వంటిది.

రెండవది వ్యాఖ్యానపు కొలత. రచయిత వాక్యాన్ని కంటితో చదివితే ఒక కాలం, వ్యాఖ్యాత గొంతుతో పలికితే మరొక కాలం పడుతుంది. అందువల్ల ప్రతి వాక్యాన్నీ తెరకు తగిన నిదానంతో పైకి చదివి, గడియారంతో కొలిచి, క్షణాలు అంచున రాస్తారు. 35 మిల్లీమీటర్ల ఫిల్మ్‌లో అడుగుకు 16 ఫ్రేములు, క్షణానికి 24 ఫ్రేములు. అంటే క్షణానికి ఒకటిన్నర అడుగు, నిమిషానికి 90 అడుగులు. ఈ ఒక్క లెక్క తెలిస్తే వాక్యాన్ని అడుగుల్లోకి, అడుగులను వాక్యంలోకి మార్చవచ్చు. కంప్యూటర్ మీద కూర్చే ఈ కాలంలో అడుగుల స్థానంలో గంట, నిమిషం, క్షణం, ఫ్రేము అనే కాలసంకేతం వచ్చింది గాని పట్టిక స్వరూపం మారలేదు.

ఇక కాగితం మధ్య గీత గీసి, ఎడమవైపు వ్యాఖ్యానం, కుడివైపు ముక్క సంఖ్య, అడుగులు, అంచున ఆధారం రాసుకుంటూ పోవాలి.

ఉప్పు సత్యాగ్రహం : ఒక అర నిమిషం

ఉదాహరణకు 1930 నాటి ఉప్పు సత్యాగ్రహాన్ని గూర్చి అయిదు వాక్యాల వ్యాఖ్యానం ఉన్నదనుకుందాం. మొదటి వాక్యం: 1930 మార్చి 12 ఉదయం గాంధీజీ 78 మంది అనుచరులతో సబర్మతి ఆశ్రమం నుంచి బయలుదేరారు. రెండవది: దండి అక్కడికి 241 మైళ్ల దూరం. మూడవది: దారి పొడుగునా గ్రామాలు ఆయనకు ఎదురేగాయి. నాల్గవది: ఏప్రిల్ 6 ఉదయం ఆయన సముద్రతీరాన పిడికెడు ఉప్పు తీశారు. అయిదవది: ఆంధ్ర తీరంలోనూ ఉప్పు కుండలు పొయ్యిమీది కెక్కాయి. నిదానంగా చదివితే వరుసగా 9, 3, 6, 6, 6 క్షణాలనుకుందాం. మొత్తం 30 క్షణాలు, అనగా 45 అడుగులు. కాని వాక్యానికీ వాక్యానికీ నడుమ ఊపిరి లేకపోతే ప్రేక్షకుడు వినగలడే గాని చూడలేడు. అందుకని మరొక 15 క్షణాలు మౌనానికి కేటాయిస్తే, కావలసిన బొమ్మ 45 క్షణాలు, అరవై ఏడున్నర అడుగులు.

మొదటి వాక్యానికి జాబితాలో ఒక ముక్క దొరికింది. గాంధీజీ చేతికర్రతో ముందు నడుస్తుండగా వెనుక తెల్లని ఖద్దరు వరుస కదులుతున్నది. నిడివి 12 అడుగులు. లెక్క ప్రకారం 8 క్షణాలు మాత్రమే వస్తుంది, వాక్యం 9 క్షణాలు. ఒక క్షణం చాలదని తోస్తుంది. కాని ఇది మూకీ కాలపు ముక్క. ఆనాటి కెమెరాలు తరచుగా క్షణానికి 16 ఫ్రేముల వేగంతో నడిచేవి. ఆ వేగంతో తీసినదైతే, దీనిని 24 ఫ్రేముల యంత్రంపై వేసినప్పుడు చలనం ఒకటిన్నర రెట్లు వేగమవుతుంది. గాంధీజీ నడక సహజంగానే చురుకైనది. దానిని ఇంకా వేగం చేస్తే యాత్రాగాంభీర్యం పోయి హాస్యం మిగులుతుంది. దీనికి ప్రయోగశాలలో ఒక ఉపాయం ఉంది. రెండు ఫ్రేములలో ఒకదానిని రెండుసార్లు ముద్రిస్తే 16 ఫ్రేములు 24 అవుతాయి. అప్పుడు 12 అడుగులు 18 అడుగులవుతుంది, నిడివి 12 క్షణాలవుతుంది. 9 క్షణాల మాటకు, 3 క్షణాల మౌనానికి సరిపోతుంది. కదలికలో కొద్దిపాటి తడబాటు మిగులుతుంది గాని నడక మనిషి నడకగా ఉంటుంది. కనుక పేపర్ ఎడిట్ చేసేవాడు పట్టికలో అడుగులతో పాటు ‘సాగదీసి ముద్రించవలెను’ అని రాయాలి. రాయకపోతే లెక్క కాగితంపై సరిపోయి, బల్లమీద తప్పుతుంది.

రెండవ వాక్యానికి బొమ్మ వెదకనక్కరలేదు. దూరాన్ని ఏ కెమెరా చూపలేదు, పటం చూపుతుంది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో ఫ్రాంక్ కాప్రా ‘మనం ఎందుకు పోరాడుతున్నాం’ చిత్రమాలను పాత ముక్కలతో కూర్చినప్పుడు, కెమెరాకు అందని విషయాలకు డిస్నీ కళాశాలలో గీయించిన కదిలే పటాలను వాడాడు. మూడు క్షణాల వాక్యానికి అయిదారు క్షణాల పటం అవసరం. గీత సబర్మతి నుంచి దండికి సాగేంతవరకు కన్ను దానిని అనుసరించాలి కదా. ఊరి పేర్లు ఎక్కువైతే ప్రేక్షకుడు చదువుతూ వినడం మానేస్తాడు.

మూడవ వాక్యం ప్రలోభకరమైనది. గాంధీజీకి జనం స్వాగతమిచ్చే ముక్కలకు కొదవ లేదు. అయితే వాటిలో 1930 నాటివి ఎన్ని? ఒక ముక్కలో జనసమూహం ఉత్సాహంగా ఉంది, వెలుగు బాగుంది, ఫిల్మ్ గీతలు పడలేదు. డబ్బాపై ‘గాంధీ, జనం’ అని మాత్రమే ఉంది. ఇక్కడ పని నిదానించాలి. గాంధీజీ కొల్లాయి ధరించడం 1921 సెప్టెంబరులో మొదలైంది. తలపాగాతోనో, పూర్తి చొక్కాతోనో కనిపిస్తే అది అంతకు ముందుది. కొల్లాయి కనిపించినంత మాత్రాన 1930 అని చెప్పలేము. పక్కన నడిచేవారెవరు, వీధిలోని రాతలు ఏ లిపిలో ఉన్నాయి, చెట్లనీడలు పొద్దుటివా, మధ్యాహ్నానివా అని చూడాలి. ఫిల్మ్ అంచున కోడాక్ సంస్థ వేసే చిన్న వృత్తం, చతురస్రం, త్రిభుజం వంటి గుర్తులు ఆ ఫిల్మ్ తయారైన సంవత్సరాన్ని తెలుపుతాయి. అయితే ఆ గుర్తులు 20 ఏళ్లకొకసారి మళ్లీ వస్తాయి. 1930 నాటి గుర్తే 1950లోనూ కనిపిస్తుంది. పైగా అది ఫిల్మ్ పుట్టిన ఏడే గాని దృశ్యం జరిగిన ఏడు కాదు. ప్రతికృతి తీసినప్పుడు పాత అంచుగుర్తు కొత్త ఫిల్మ్‌పైకి దిగి, రెండు గుర్తులు పక్కపక్కన కనిపించడం కూడా ఉంది. ఒక్కొక్క ఆధారం సందేహాన్ని కొంత తగ్గిస్తుంది, ఏ ఒక్కటీ దానిని పూర్తిగా తీర్చదు.

పరిశీలన ముగిశాక కూడా ముక్క ఏ ఏటిదో తేలకపోతే ఏమి చేయాలి? రెండు మార్గాలున్నాయి. ముక్కను వదిలి, 1930 నాటిదని రుజువైన మరొక దానిని, అది మసకగా ఉన్నా, తీసుకోవడం ఒకటి. వాక్యాన్ని మార్చడం రెండవది. ‘దారి పొడుగునా గ్రామాలు ఎదురేగాయి’ అన్న మాట ఒక నిర్దిష్ట సంఘటనను చెబుతున్నది కనుక బొమ్మ కూడా ఆ సంఘటనదే కావాలి. ‘ఆయన వెళ్లిన చోటనల్లా జనం వచ్చేవారు’ అని మారిస్తే వాక్యం ఒక అలవాటును చెబుతుంది. అప్పుడు కాలం తేలని ముక్క కూడా అబద్ధం కాదు. పేపర్ ఎడిట్ రచయితకు తిరిగి పంపే ప్రశ్నలలో అధికభాగం ఇటువంటివే.

నాల్గవ వాక్యం దగ్గర అసలు పరీక్ష ఉంది. గాంధీజీ వంగి నేలమీది ఉప్పును అందుకుంటున్న ప్రసిద్ధ ఛాయాచిత్రం పాఠ్యగ్రంథాలలో, గోడపత్రికలలో దండి పేరుతోనే కనిపిస్తుంది. అది ఏప్రిల్ 6న దండిలో తీసినది కాదని, మూడు రోజుల తరువాత 9వ తేదీన సూరత్ సమీపాన భీమ్‌రాడ్‌లో తీసినదని గుర్తించారు. ‘ఏప్రిల్ 6 ఉదయం’ అన్న మాటపై ఆ బొమ్మను నిలిపితే చూసినవారెవరూ ఆక్షేపించరు. ఆక్షేపించరు గనుకనే అది తప్పు. ప్రేక్షకుడు ఆ ఉదయాన్ని తాను చూశానని నమ్మి ఇంటికి వెళ్తాడు. వాక్యాన్ని రెండుగా విడగొడితే చిక్కు తీరుతుంది. ‘ఏప్రిల్ 6 ఉదయం దండి తీరాన ఉప్పు చట్టం తెగింది’ అన్నంతవరకు తీరాన్ని, జనాన్ని చూపవచ్చు. ‘ఆ తరువాతి రోజుల్లో ఊరూరా ఆయన ఉప్పు తీస్తూ వెళ్లారు’ అన్నప్పుడు ఛాయాచిత్రం వస్తుంది. ఒక క్షణం పెరుగుతుంది, చరిత్ర నిలుస్తుంది.

అయిదవ వాక్యానికి కుడివైపు గడి ఖాళీ. కొండా వెంకటప్పయ్య నాయకత్వాన ఆంధ్ర జిల్లాలలో నడిచిన ఆ సత్యాగ్రహానికి చెందిన చలనచిత్రమేదీ ఈ ఊహాజాబితాలో లేదు. గుజరాత్ తీరంలోని కుండను, పొయ్యిని చూపి ఆంధ్ర అనిపించడం సులభం. ఇసుక ఇసుకే, పొగ పొగే. అయినా ఆ గడిలో ‘బొమ్మ లేదు’ అని రాసి, ఆనాటి వార్తాపత్రిక పుటనో, నాయకుని ఛాయాచిత్రాన్నో, తీరరేఖ పటాన్నో కోరడం ఉచితం. కెమెరాలు లేని చోట జరిగిన చరిత్ర కూడా చరిత్రే. ఆ లేమిని మరొక ప్రాంతపు బొమ్మతో కప్పితే, ఆంధ్ర తీరానికి తన బొమ్మ లేదన్న సంగతి కూడా మరుగున పడుతుంది.

పొరపాటు పుట్టే చోటు

ఇటువంటి తప్పులు చిన్న సంస్థలకే పరిమితం కావు. మొదటి ప్రపంచయుద్ధంపై బి.బి.సి. 1964లో ప్రసారం చేసిన 26 భాగాల చిత్రమాలలో, యుద్ధక్షేత్రంలో తీసినవాటితో పాటు తరువాత నటింపజేసినవి కూడా కలిసిపోయాయని బ్రిటన్ సామ్రాజ్య యుద్ధ ప్రదర్శనశాల అధిపతి నోబుల్ ఫ్రాంక్‌లాండ్ గట్టిగా ఆక్షేపించాడు. ఒక పక్షం సేనలు ఎప్పుడూ ఒకే దిశగా కదులుతున్నట్లు కనిపించాలని కొన్ని ముక్కలను కుడియెడమలు తిప్పి ముద్రించడం కూడా జరిగింది. తిప్పిన ముక్కను గుర్తించడం కష్టం కాదు. సైనికుడు తుపాకిని ఎడమచేతితో పేలుస్తుంటాడు, గుండీలు ఎదురువైపు ఉంటాయి, పలకలపై అక్షరాలు తలకిందులు కాకపోయినా అద్దంలో చూసినట్లుంటాయి. అయినా పట్టికలో ‘దిశ’ అన్న గడిని కథ అవసరం కోసం చూసినవారు, సాక్ష్యం కోసం చూడలేదు.

అంతకంటె పాత ఉదాహరణ 1916 నాటి ‘సోమ్ యుద్ధం’ చిత్రంలోనిది. సైనికులు కందకం నుంచి పైకెక్కి పొగలోకి వెళ్లే ఆ దృశ్యం యుద్ధరంగంలోది కాదు, వెనుక శిక్షణస్థలంలో తీసినది. తరువాతి చిత్రాలలో అది ఎన్నోసార్లు అసలు దాడిగా మళ్లీ మళ్లీ కనిపించింది. కారణం సులభం. నిజమైన దాడిని తీసిన కెమెరా దూరంగా, మసకగా చూసింది. నటించినదానిని తీసిన కెమెరా సరైన చోట నిలిచింది. అందువల్ల పేపర్ ఎడిట్ చేసే అనుభవజ్ఞులు ఒక సూత్రాన్ని మనసులో పెట్టుకుంటారు. వాక్యానికి అతికినట్లు సరిపోయిన ముక్కను మరింత అనుమానించాలి. ప్రమాదక్షణాన శత్రువువైపు నుంచి చూసిన కెమెరా కనిపిస్తే, అక్కడ కెమెరావాడు ఎలా నిలిచాడని అడగాలి.

మన దేశానికి సంబంధించి మరొక చారిత్రక లోటు ఉంది. యుద్ధకాలంలో 1943లో ప్రారంభమైన ‘ఇండియన్ న్యూస్ పెరేడ్’ 1946లో మూతబడింది. ఫిల్మ్స్ డివిజన్ 1948లో ఏర్పడింది. స్వాతంత్ర్యం వచ్చిన 1947 ఆగస్టు ఆ రెంటి మధ్యన పడింది. ఆ నాటి దృశ్యాలకు ప్రైవేటు ఛాయాగ్రాహకులు, విదేశీ వార్తాసంస్థలు తీసిన ముక్కలపైనే తరువాతివారు ఆధారపడవలసి వచ్చింది. కనుకనే అవే కొద్ది ముక్కలు పదే పదే కనిపిస్తాయి.

తెలుగు వాక్యం, కదిలే బొమ్మ

ఒకే చిత్రాన్ని అనేక భాషలలో విడుదల చేయడం ఫిల్మ్స్ డివిజన్ ఆచారం. 2022లో జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో విలీనమయ్యేంతవరకు అది దేశభాషల వ్యాఖ్యానాలను వెలువరించింది. ఇక్కడ తెలుగు అనువాదకునికి ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. బొమ్మల వరుస మూలభాష వాక్యానికి తగినట్లు ముందే కుదిరి ఉంటుంది. ఇంగ్లీషులో కర్త తరువాత వెంటనే క్రియ వస్తుంది. తెలుగులో క్రియ చివరకు పోతుంది. గాంధీజీ ఉప్పు తీసే నాలుగు క్షణాల బొమ్మపై ‘ఏప్రిల్ 6 ఉదయం ఆయన సముద్రతీరాన పిడికెడు ఉప్పు’ అనేవరకే పలుకుతుంది. ‘తీశారు’ అనేసరికి బొమ్మ మారి, ఆశ్చర్యపోతున్న పోలీసు అధికారి తెరపై ఉంటాడు. ఉప్పు ఆయన తీసినట్లవుతుంది.

మంచి అనువాదకుడు మాట పొడవును మాత్రమే చూసుకోడు, ఏ మాట ఏ అడుగున పడుతున్నదో చూసుకుంటాడు. ‘పిడికెడు ఉప్పు తీశారు గాంధీజీ. ఏప్రిల్ 6, ఉదయం.’ తెలుగు నుడికారం ఈ తలకిందులు వరుసను ఒప్పుకుంటుంది. లేదా వాక్యాన్ని ముందటి మౌనంలోకి ఒక క్షణం ముందుకు జరుపుతాడు. మొదట పేపర్ ఎడిట్ చేసినవారు వాక్యాల మధ్య మౌనం విడిచి ఉంటేనే అది సాధ్యం. పట్టికలోని 15 క్షణాల మౌనం చూపుకోసమే కాదు, మరొక భాష కోసం కూడా. ఈ సంగతి తెలియనివారు మౌనాన్ని వృథాగా ఎంచి కోస్తారు. అప్పుడు తెలుగు వ్యాఖ్యాత రైలును అందుకొనేవానిలా పరుగెత్తుతాడు.

కాగితంపై సరిపోయినదంతా తెరపై సరిపోదు. రెండు ముక్కల వెలుగు పొసగకపోవచ్చు, ఒక ముఖం నుంచి మరొక ముఖానికి దుముకు ఎక్కువ కావచ్చు. ఎడిటర్ బల్లవద్ద వరుస మారుస్తాడు, మార్చవలసిందే. కాని మార్చిన ప్రతిసారీ కుడివైపు గడి, అంచున ఉన్న ఆధారం కూడా మారాలి. ఆచరణలో ఇది తరచు జరగదు. చిత్రం విడుదలవుతుంది, కాగితాలు ఏ బీరువాలోనో ఉండిపోతాయి, కొంతకాలానికి చెత్తలోకి పోతాయి. ఇరవై ఏళ్లకు మరొకరు అదే విషయంపై చిత్రం తలపెట్టి, మూల డబ్బాలను వెదకలేక, ఈ చిత్రం నుంచే ముక్క తీసుకుంటారు. దాని జాబితాలో ‘దండి, 1930 ఏప్రిల్ 6’ అని రాస్తారు. ఆధారమన్న గడిలో ఈ చిత్రం పేరే చేరుతుంది.

అందుకే జాగ్రత్తగల సంస్థలు పూర్తయిన చిత్రంతో పాటు దాని పేపర్ ఎడిట్ తుది ప్రతిని కూడా అదే సంఖ్యతో భాండాగారంలో దాచిపెడతాయి. ప్రేక్షకుడు ఆ కాగితాన్ని ఎన్నడూ చూడడు. తరువాతి చరిత్రకారుడు మాత్రం చిత్రం చూసిన వెంటనే దానిని అడుగుతాడు. ఏ బొమ్మ ఏ ఊరిదో, ఏ మాటకింద అరువు బొమ్మ నిలిచిందో, ఏ గడి దగ్గర ‘బొమ్మ లేదు’ అని నిజాయితీగా రాశారో అతనికి చెప్పగలిగేది అదొక్కటే.